క్యాసినో ‘టాప్ 10’ జాబితాల్లో మొదటి స్థానం ఎవరు నిర్ణయిస్తారు?

మురళి_మాంచెస్టర్

శనివారం సాయంత్రం మా ఆఫీసు మిత్రుడొకడు సరదాగా ఆన్‌లైన్ క్యాసినోలో ఇరవై పౌండ్లు పెట్టి చూద్దామన్నాడు. ఇక్కడ బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న సైట్లలో ఆడటం చట్టబద్ధమే. ఏది మంచిదో చూసిపెట్టమని నన్ను అడిగాడు. నేను వెతికితే ‘ఉత్తమ 10 క్యాసినోలు’ అంటూ పేజీలు వరసగా వచ్చాయి. వాటిలో మూడు తెరిచి కాగితం మీద రాసుకున్నాను.

మూడు జాబితాలు, మొత్తం ముప్పై స్థానాలు. కానీ పేర్లు మాత్రం పదమూడే. ఒక పేరు రెండు జాబితాల్లో మొదటి స్థానంలో ఉంది, మూడో దానిలో అసలు లేదు. మార్కులు చూస్తే అందరూ తరగతిలో ఫస్టే. పదికి 9.8, 9.7, 9.6 అని దిగుతూ వచ్చి పదో స్థానంలో ఉన్నది కూడా 9.1 దగ్గర ఆగింది. మూడు పేజీల్లోనూ ‘మా నిపుణులు స్వయంగా పరీక్షించారు’ అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. ‘మా లింకుల ద్వారా మాకు కమీషన్ రావచ్చు’ అని అడుగున బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

నా ప్రశ్న ఏ క్యాసినో మంచిదని కాదు. ఆ మొదటి స్థానం ఎవరు ఇస్తారు? ఆ కమీషన్ వల్ల వరస నిజంగా మారుతుందా, లేక మనమే అనవసరంగా అనుమానిస్తున్నామా?

గుంటూరు_గోపాలం

ఇందులో తెలియనిది ఏముంది మురళి గారూ. మా మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటును చూసినవాడికి ఇది కొత్త కాదు. మీరు క్యాసినోలో వేసే ప్రతి పౌండులో వీడికి ఇంత శాతం అని ఉంటుంది. ఎవడు ఎక్కువ శాతం ఇస్తే వాడు పైన. వేలం పాట లాంటిదే. అంతకు మించి ఏమీ లేదు.

సాయికిరణ్_92

అన్నా, ఆ పదమూడింటిలో హైదరాబాద్ నుంచి ఆడటానికి ఏది పనిచేస్తుందో చెప్పండి. బోనస్ ఎక్కువ ఇచ్చేది అయితే చాలు.

నిర్వాహకుడు

సాయికిరణ్ గారూ, ప్రశ్న అది కాదు. పైగా తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2017 నుంచే నిషేధం ఉంది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఇక్కడ ఏ క్యాసినో పేరూ సూచించవద్దని అందరికీ మనవి.

పాత_కలం

ఈ పని మూడేళ్లు చేసినదాన్ని కాబట్టి చెబుతాను. హైదరాబాద్‌లో కూర్చుని, మాల్టాలో ఆఫీసు ఉన్న ఒక కంపెనీ కోసం ఇంగ్లిష్‌లో క్యాసినో సమీక్షలు రాసేదాన్ని. సుమారు రెండు వందలు రాసి ఉంటాను. వాటిలో ఒక్కదానిలోనూ నాకు ఖాతా లేదు. తెరవాలన్నా మన దేశం నుంచి చాలావాటికి తలుపులు మూసే ఉంటాయి. ‘స్వయంగా పరీక్షించిన నిపుణులు’ మేమే.

మాకు ఒక స్ప్రెడ్‌షీటు వచ్చేది. అందులో క్యాసినో పేరు, స్వాగత బోనస్ ఎంత, దాని షరతులు, మా ట్రాకింగ్ లింకు, చివర ‘స్థానం’ అనే గడి ఉండేవి. ఆ చివరి గడిని రచయితలు ముట్టుకోకూడదు. వ్యాపార విభాగం వాళ్లు సోమవారం ఉదయం దాన్ని మార్చేవారు. నాలుగో స్థానంలో ఉన్నది ఒకటికి ఎక్కితే మా పని దాని 9.2ను 9.8 చేయడం, ‘ఈ నెల మా ఎంపిక’ అని ఒక వాక్యం కలపడం. మార్కులు చూసి వరస పెట్టడం అని మీరు అనుకుంటారు. మా దగ్గర వరస చూసి మార్కులు పెట్టేవాళ్లం.

లోపాల సంగతి కూడా చెప్పాలి. ప్రతి సమీక్షలో లోపాలు అని ఒక పెట్టె ఉండాలి, లేకపోతే పాఠకుడు నమ్మడు. అందులో రెండు మూడు వాక్యాలు రాసేవాళ్లం: ఫోన్ సహాయం లేదు, ప్రత్యేక యాప్ లేదు, సైటులో వెతకడం కొంచెం నిదానం. గెలిచిన డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది, ఏ కాగితాలు అడిగి ఆపుతున్నారు అన్నది మాత్రం ఆ పెట్టెలోకి రాకూడదు. ఒకసారి నేను రాశాను. మర్నాటికి ఆ వాక్యం ‘కొన్ని చెల్లింపు పద్ధతులకు సమయం పట్టవచ్చు’గా మారింది.

గోపాలం గారూ, మీరు సగం సరిగ్గా చెప్పారు. వేసిన ప్రతి పౌండులో శాతం అన్నది మాత్రం తప్పు. ముఖ్యంగా రెండు రకాల ఒప్పందాలు ఉంటాయి. ఒకటి, కొత్త మనిషిని తెచ్చి ఇస్తే ఒక్కసారి ఇచ్చే మొత్తం. ఆ మనిషి ఖాతా తెరిచి, ఒప్పుకున్నంత డబ్బు మొదటిసారి జమ చేస్తేనే ఇస్తారు. రెండోది వాటా: ఆ మనిషి దగ్గర క్యాసినోకు నికరంగా మిగిలినదానిలో నెలనెలా ఇంత శాతం, అతను ఆడినంత కాలం. రెండూ కలిపి కొంచెం కొంచెం తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇవి కాక, మొదటి మూడు స్థానాలకు నెల అద్దె వసూలు చేసే సైట్లూ ఉన్నాయి. అద్దె చెల్లిస్తే బోర్డు పెట్టుకోవచ్చు, అంతే.

గుంటూరు_గోపాలం

శాతం దేనిమీదో పొరపాటుగా చెప్పానేమో, ఒప్పుకుంటాను. కానీ ఎక్కువ ఇచ్చేవాడు పైన అన్నది తప్పు కాలేదు కదా?

లెక్కలమ్మ

అది కూడా పూర్తిగా కాదండీ. నేను ఇలాంటి లింకుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద కొంతకాలం పనిచేశాను. అక్కడ ఎవరు ఎంత ఇస్తున్నారు అని ఎవరూ అడగరు, ఒక్క క్లిక్కుకు ఎంత వస్తోంది అని అడుగుతారు.

ఉదాహరణకు నేనే వేసుకున్న అంకెలు ఇవి. ‘క’ అనే క్యాసినో ఒక కొత్త ఆటగాడికి 150 పౌండ్లు ఇస్తుంది. కానీ ఖాతా తెరవడం కష్టం, పత్రాలు ముందే అడుగుతుంది, బోనస్ చిన్నది. వంద మంది నొక్కితే ఇద్దరే డబ్బు జమ చేస్తారు. సైటుకు 300 పౌండ్లు వచ్చాయి, అంటే క్లిక్కుకు మూడు. ‘చ’ అనే క్యాసినో 90 పౌండ్లే ఇస్తుంది. కానీ బోనస్ బోర్డు పెద్దది, ఖాతా రెండు నిమిషాల్లో తెరుచుకుంటుంది, వందలో ఐదుగురు జమ చేస్తారు. 450 పౌండ్లు, క్లిక్కుకు నాలుగున్నర. మొదటి స్థానంలో ‘చ’ కూర్చుంటుంది, తక్కువ కమీషన్ ఇచ్చినా సరే.

ఇప్పుడు గమనించండి. ముందే పత్రాలు అడగడం ఆటగాడికి నిజానికి మేలు. గెలిచాక డబ్బు తీసుకునేటప్పుడు ‘మీ కరెంటు బిల్లు పంపండి’ అని ఆపేవాళ్ల కంటే, మొదట్లోనే చూసుకునేవాళ్లు నయం. కానీ ఈ లెక్కలో ఆ మేలే దాన్ని కిందికి తోస్తుంది. గెలిచినవాడికి డబ్బు ఎంత త్వరగా అందింది అన్న గడి ఈ పట్టికలో అసలు ఉండదు. ఎందుకంటే ఆ సమాచారం సైటుకు వెనక్కి రాదు. నొక్కాడు, నమోదయ్యాడు, మొదటి జమ చేశాడు, నికర ఆదాయం ఇంత, ఈ నాలుగే వస్తాయి.

మొదటి స్థానానికి ఇంకో గుణం ఉంది. పైన ఉన్నదాన్నే ఎక్కువమంది నొక్కుతారు. అందువల్ల కొత్త క్యాసినోను ఒక వారం పైన పెట్టి చూస్తారు, క్లిక్కుకు రాబడి బాగుంటే ఉంచుతారు, లేకపోతే దించుతారు. మురళి గారు శనివారం చూసిన వరస అలాంటి ప్రయోగం మధ్యలో తీసిన ఫొటో కావచ్చు.

మురళి_మాంచెస్టర్

ఇద్దరికీ ధన్యవాదాలు. వాటా ఒప్పందం దగ్గర ఒక సందేహం. క్యాసినోకు మిగిలినదానిలో వాటా అంటే, ఆటగాడు పోగొట్టుకున్నదానిలో వాటా అనేగా? నాకు సలహా ఇచ్చేవాడికి నేను ఓడితేనే కూలి గిట్టుతుందా?

లెక్కలమ్మ

సూటిగా చెప్పాలంటే అవును. ఒక నెల లెక్క వేద్దాం. మీరు నెలంతా తిప్పి తిప్పి మొత్తం 4,000 పౌండ్ల పందేలు కాశారు. జేబులోంచి పెట్టింది అంత ఉండదు, గెలిచిందే మళ్లీ పెడుతూ పోతే మొత్తం అలా పెరుగుతుంది. అందులో 3,700 తిరిగి గెలుపులుగా వచ్చాయి. క్యాసినోకు మిగిలింది 300. మీకు ఇచ్చిన బోనస్ ఖర్చు 60, చెల్లింపుల రుసుములు, ఆటల తయారీదారుల వంతు, ‘నిర్వహణ’ అన్నీ కలిపి ఇంకో 60 తీసేస్తారు. నికరం 180. వాటా 35 శాతం అయితే సైటుకు 63 పౌండ్లు.

మీరు అదే నెలలో 2,000 గెలిచి వెళ్లిపోయారనుకోండి. ఖర్చులు పక్కన పెట్టినా సైటు ఖాతాలో మైనస్ 700 పడుతుంది. కొన్ని ఒప్పందాల్లో నెలాఖరుకు దాన్ని సున్నా చేస్తారు. కొన్నింటిలో వచ్చే నెలకు మోస్తారు. మోసే ఒప్పందం అయితే, మీరు గెలిచిన డబ్బును ఇంకెవరో పోగొట్టుకునే దాకా ఆ సైటుకు పైసా రాదు. పాత అప్పు తీరేదాకా కొత్త సరుకు ఇవ్వని కిరాణా కొట్టు లాగా.

గుంటూరు_గోపాలం

దీన్ని ఇంకో వైపు నుంచి చూడండి. ఒక్కసారి డబ్బు తీసుకుని తప్పుకునేవాడికి మీరు రేపు ఏమైనా పట్టదు. వాటా ఉన్నవాడికి మీరు ఏళ్ల తరబడి ఆ క్యాసినోలో ఉండాలి. మోసపు క్యాసినోకు పంపితే మీరు నెలలో పారిపోతారు. కాబట్టి వాటా తీసుకునేవాడే మంచి చోటికి పంపుతాడు. మా యార్డులో కూడా రైతు వచ్చే ఏడాది మళ్లీ రావాలనుకునే ఏజెంటు తూకం సరిగ్గా వేస్తాడు.

పాత_కలం

ఈ వాదన మా ఆఫీసులో కూడా వినేదాన్ని. పూర్తిగా కొట్టిపారేయను. డబ్బు ఎగ్గొట్టే క్యాసినో ఆటగాళ్లనే కాదు, మాలాంటి సైట్ల వాటాను కూడా ఎగ్గొడుతుంది. అందుకే మా వాళ్లు కొన్నింటిని జాబితా నుంచి తీసేశారు. ఆటగాళ్ల ఫిర్యాదులు చదివి కాదు, మా ఇన్‌వాయిస్ రెండు నెలలు ఆగిందని.

కానీ మీ రైతుకు మంచి ధర వస్తే ఏజెంటు కమీషనూ పెరుగుతుంది. ఇక్కడ ఆటగాడి లాభం సైటుకు నష్టం. ఎక్కువ కాలం ఉంచడం, బాగా చూసుకోవడం ఒకటి కావు. మా నెలవారీ లెక్కలో పెద్ద మొత్తాలు ఎప్పుడూ కొద్దిమంది నుంచే వచ్చేవి. పేర్లు ఉండవు, ఖాతా నంబర్లే. ఒక నంబరు పక్కన పదకొండు నెలలు వరసగా పెరుగుతూ వచ్చిన అంకె చూశాను. పన్నెండో నెలలో సున్నా. ఆ మనిషి మానేశాడో, డబ్బు అయిపోయిందో మాకు తెలియదు. మా మేనేజరు మాత్రం ‘అయ్యో, మంచి ఆటగాడు పోయాడు’ అన్నాడు. నేను ఉద్యోగం మానడానికి అదొక్కటే కారణం అని చెబితే అబద్ధం అవుతుంది, జీతం కూడా తక్కువే. కానీ ఆ మాట గుర్తుండిపోయింది.

తెరచాప

ఈ చర్చ చదువుతుంటే మా ఇంటి సంగతి రాయాలనిపించింది. లెస్టర్‌లో చదువుకునేటప్పుడు నాతో గది పంచుకున్న కుర్రాడు, మన వాడే, జూదంలో రెండో సెమిస్టర్ ఫీజు పోగొట్టుకున్నాడు. నేనే పక్కన కూర్చుని అతని చేత గ్యామ్‌స్టాప్‌లో నమోదు చేయించాను. అందులో పేరు ఇస్తే బ్రిటన్ లైసెన్సు ఉన్న ఏ ఆన్‌లైన్ జూదపు సైటూ ఖాతా తెరవనివ్వకూడదు. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని ఎంచుకోవచ్చు. అతను ఐదేళ్లు పెట్టుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాం.

మూడు వారాలకు మళ్లీ మొదలు. ఎలా అని నిలదీస్తే ఫోన్ చూపించాడు. వెతికిన మాట `casinos not on GamStop`. దాని కింద మళ్లీ టాప్ 10. అదే అందమైన పట్టిక, అవే 9.8, 9.7 మార్కులు, అదే ‘నిపుణులు’. మార్కులకు కారణంగా ‘గ్యామ్‌స్టాప్ అడ్డంకి లేదు’ అని రాసి ఉంది. తాళం వేసుకున్నవాడికి పక్క సందులో దొంగ తాళంచెవి అమ్ముతున్నట్టు ఉంది. ఆ జాబితాలో మొదటి క్యాసినోలో అతను 600 పౌండ్లు గెలిచాడు కూడా. తీసుకోబోతే బోనస్ షరతు పూర్తి కాలేదన్నారు. వంద జమ, వంద బోనస్, రెండూ కలిపి 35 రెట్లు పందెం కాయాలట. అంటే 7,000 పౌండ్లు. కాస్తూ కాస్తూ ఆ ఆరు వందలూ పోయాయి.

ఫిర్యాదు ఎవరికి చేయాలో మాకు తెలియలేదు. సమీక్ష సైటుకు రాస్తే జవాబు లేదు. ఆ సైటు మీద చర్య తీసుకునే దారి ఏమీ లేదా?

పాత_కలం

తెరచాప గారూ, మీరు చెప్పిన ఆ రకం జాబితా ఈ వ్యాపారంలో అన్నిటికంటే చెడ్డది. అక్కడికి వచ్చేవాడు ఎవరో రాసేవాళ్లకు తెలుసు. మానేయాలని పేరు నమోదు చేసుకున్నవాడు తప్ప ఆ మాట ఇంకెవరు వెతుకుతారు?

చర్య గురించి. బ్రిటన్‌లో సమీక్ష సైట్లకు విడిగా లైసెన్సు అక్కరలేదు. కానీ లైసెన్సు ఉన్న క్యాసినో, తన తరఫున ప్రచారం చేసేవాళ్లు ఏం రాసినా తనే జవాబు చెప్పుకోవాలి. 2017లో ఒక బాగోతం బయటపడింది. అప్పుల్లో కూరుకుపోయిన విలియం అనే మనిషి, జబ్బుపడిన భార్య, చివరికి ఆన్‌లైన్ క్యాసినోలో భారీ గెలుపు అని వార్తాకథనంలా అల్లిన ప్రకటన అది. రాసింది అఫిలియేట్, అంటే మాలాగా కమీషన్ మీద ఆటగాళ్లను పంపే సైటు. అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ మాత్రం 888, లాడ్‌బ్రోక్స్, స్కై వేగాస్, కసూమో అనే జూదం కంపెనీలనే తప్పుపట్టింది. మేం రాయలేదు, వాళ్లు రాశారు అన్న మాట చెల్లలేదు. అదే ఏడాది బీజీవో అనే కంపెనీకి, తన సైటులోనూ అఫిలియేట్ల సైట్లలోనూ తప్పుదారి పట్టించే ప్రకటనలున్నాయని అక్కడి జూదం నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ మూడు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఆ సెప్టెంబరులోనే స్కై బెట్టింగ్ అండ్ గేమింగ్ తన అఫిలియేట్ పథకాన్నే మూసేసింది. అందరి రాతలకూ తాను పూచీ పడలేకనే అని వ్యాపారంలో అందరికీ అర్థమైంది.

ఈ గొలుసులో లంకె ఎక్కడ తెగిందో చూడండి. సైటును పట్టుకోవాలంటే క్యాసినోను పట్టుకోవాలి, క్యాసినోను పట్టుకోవాలంటే దానికి అక్కడ లైసెన్సు ఉండాలి. మీ మిత్రుడిని పంపిన చోటికి బ్రిటన్ లైసెన్సే లేదు. 2020 మార్చి 31 నుంచి లైసెన్సుదారులందరికీ గ్యామ్‌స్టాప్ తప్పనిసరి కాబట్టి, ‘అందులో లేనిది’ అంటేనే లైసెన్సు లేనిది అని అర్థం. ఆ 35 రెట్లు కూడా అందుకే సాగింది. బ్రిటన్ లైసెన్సు ఉన్నవాళ్లకు 2026 జనవరి నుంచి పది రెట్లకు మించి షరతు పెట్టే వీలు లేదు.

స్వేచ్ఛా_విహారి

అందరూ ఒకేలా ఉండరండీ. నేను చాలాకాలంగా గమనిస్తున్న ఒక సైటు నిజాయితీగా రాస్తుంది, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. ఒకసారి చూడండి: *(లింకు నిర్వాహకులు తొలగించారు)*

లెక్కలమ్మ

నిర్వాహకులు తొలగించకముందే నేను దాన్ని బ్రౌజర్‌లో తెరవకుండా, అది ఎటు పోతోందో అడుగడుగునా చూశాను. అసలు పేర్లు మార్చి, ఆకారం మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

```
curl -sIL "https://example.com/go/brand7" | grep -i '^location'
location: https://track.example.net/c?affid=4471&sub=te_forum_pos1
location: https://brand7.example/?btag=4471_te_forum_pos1
```

మొదటి వరసలో ఉన్నది సమీక్ష సైటు లింకు. మామూలుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి మధ్యలో ఒక లెక్కల సర్వరు మీదుగా క్యాసినోకు పోతోంది. 4471 అనేది డబ్బు ఎవరికి చేరాలో చెప్పే నంబరు. `te_forum_pos1` అంటే ఏ గుమ్మం నుంచి మనిషి వచ్చాడో గుర్తు: తెలుగు, చర్చా వేదిక, మొదటి స్థానం. విహారి గారూ, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని సైటుకు మన వేదిక పేరుతో విడిగా ఒక గుర్తు ఎందుకు?

మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. అన్ని సైట్లలో ఇలా తేలిగ్గా దొరకదు. కొన్ని జావాస్క్రిప్ట్‌తో దారి మళ్లిస్తాయి, ఈ కమాండుకు అవి కనిపించవు. కనిపించకపోతే కమీషన్ లేదని కాదు.

నిర్వాహకుడు

స్వేచ్ఛా_విహారి ఖాతా ఈ రోజే తెరిచినది. నిలిపివేశాం.

సాయికిరణ్_92

నేను వేరే కోణంలో అడుగుతున్నాను, తిట్టకండి. నాకు సినిమా కబుర్ల తెలుగు బ్లాగు ఉంది, రోజుకు రెండు వేల మంది వస్తారు. క్యాసినో లింకులు పెట్టమని టెలిగ్రామ్‌లో ఒకరు అడుగుతున్నారు. నలభై శాతం వాటా అంటున్నారు. ఆడించేది నేను కాదు, లింకు పెట్టడమేగా?

పాత_కలం

తమ్ముడూ, వద్దు. 2025 చట్టం డబ్బు ఆటలు నడపడంతో పాటు వాటి ప్రకటనను కూడా నేరం చేసింది. ప్రకటనకు రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ‘లింకేగా’ అన్న మాట అక్కడ ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవాల్సింది వకీలుతో, టెలిగ్రామ్‌లో అడిగినవాడితో కాదు. ఇక ఆ నలభై శాతం దేనిలోనో పైన లెక్కలమ్మ గారు చెప్పారు. మీ బ్లాగు చదివేవాళ్లు పోగొట్టుకున్నదానిలో.

సాయికిరణ్_92

అర్థమైంది అక్కా. అతన్ని బ్లాక్ చేశాను. పాత టపాలో ఒక లింకు ఉంది, అది కూడా తీసేస్తాను.

గుంటూరు_గోపాలం

అయితే ఫిర్యాదులు తీసుకుని ఆటగాళ్లకు డబ్బు ఇప్పించే సైట్లు ఉన్నాయంటారు, వాటి మాటేమిటి? వాళ్లు కూడా దొంగలేనా?

పాత_కలం

ఉన్నాయి. ఆస్క్‌గ్యాంబ్లర్స్ ఫిర్యాదుల విభాగం ద్వారా ఆగిన డబ్బు వచ్చినవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ అది కూడా అఫిలియేట్ సైటే. 2016లో కెటీనా మీడియా దాన్ని కోటీ యాభై లక్షల యూరోలకు కొన్నది. 2023 మొదట్లో మరికొన్ని సైట్లతో కలిపి నాలుగున్నర కోట్ల యూరోలకు ఇంకో కంపెనీకి అమ్మింది. ఆ ధర ఫిర్యాదులు పరిష్కరించినందుకు పలకదు కదా, అక్కడి నుంచి వెళ్లే ఆటగాళ్లకు పలుకుతుంది. అలాగని ఆ ఫిర్యాదుల పేజీలు పనికిరావని నేను అనను. నేనైతే మార్కులు వదిలేసి, ఫలానా క్యాసినో మీద డబ్బు ఆపిన ఫిర్యాదులు ఎన్ని, ఎన్ని తేలకుండా మూసేశారు అని అక్కడ చదువుతాను.

లెక్కలమ్మ

ఇక్కడ నాకు పాత_కలం గారితో కొంచెం పేచీ. ఫిర్యాదుల సంఖ్యతోనూ పోల్చలేం. పెద్ద క్యాసినోకు ఆటగాళ్లు ఎక్కువ కాబట్టి ఫిర్యాదులూ ఎక్కువే ఉంటాయి. నిన్న తెరిచినదానికి ఒక్కటీ ఉండదు. ఆటగాళ్లు ఎందరో ఎవరూ బయటపెట్టరు, కాబట్టి వందకు ఎన్ని అని లెక్క కట్టే వీలు లేదు.

పాత_కలం

నిజమే. సంఖ్య కాదు, ఏ కారణంతో ఆపారు అన్నది చదవాలి అని సరిదిద్దుకుంటున్నాను. అయినా దానితో వరస పెట్టలేం, ఒప్పుకుంటాను.

మురళి_మాంచెస్టర్

ఈ రెండు రోజుల్లో నేను చేసిన పని చెబుతాను. మొదటి పేజీ లింకును కూకట్‌పల్లిలో ఉన్న మా చెల్లికి పంపి, తెరచి ఫొటో తీసి పంపమన్నాను. అదే చిరునామా, అదే శీర్షిక, ‘నిపుణుల’ ఫొటో కూడా అదే. పది పేర్లలో నాకు కనిపించినది ఒక్కటీ ఆమెకు లేదు. కానీ మార్కులు చూడండి: 9.8, 9.7, 9.6 అని అవే, అదే వరసలో. పేర్లు మారాయి, మార్కులు కదలలేదు.

పాత_కలం

చెప్పానుగా, మార్కు స్థానానిది. ఏ దేశం నుంచి తెరిచారో చూసి, ఆ దేశపు ఆటగాళ్లను తీసుకునే క్యాసినోలను ఆ పది గడుల్లో నింపుతారు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు లైసెన్సు ఉన్నవి, చెల్లి గారికి ఏ లైసెన్సూ పట్టనివి. ఆమెను వాటిని నొక్కవద్దని చెప్పండి.

మురళి_మాంచెస్టర్

చెప్పాను. నొక్కకముందే ఆమె నన్ను తిట్టింది.

ఇంకొకటి. మా మిత్రుడి కోసం ఆ పదమూడు పేర్లనూ గ్యాంబ్లింగ్ కమిషన్ బహిరంగ రిజిస్టరులో వెతికాను. ప్రతి క్యాసినో పేజీ అడుగున లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని రిజిస్టరులో కొడితే అసలు యజమాని, అతని మిగతా సైట్లు, మీద పడ్డ జరిమానాలు కనిపిస్తాయి. పదమూడింటిలో నాలుగు ఒకే కంపెనీవి. ఒక జాబితాలో మొదటి, మూడో, ఆరో స్థానాలు ఒకే ఇంటివాళ్లవి. రంగులు, బొమ్మలు మాత్రమే వేరు.

తెరచాప

మీ మిత్రుడు చివరికి ఏమన్నాడు?

మురళి_మాంచెస్టర్

ఈ కాగితం అంతా చూపించాను. ‘ఇరవై పౌండ్లకు ఇంత పరిశోధనా’ అని నవ్వాడు. ఆ డబ్బుతో శుక్రవారం ఇద్దరం బిర్యానీ తిన్నాం. ఆ హోటల్ మాత్రం బాగాలేదు. ఆన్‌లైన్‌లో నాలుగున్నర నక్షత్రాలు చూసి వెళ్లాం.